వడ్డీ వ్యాపారి పాడిన పల్లె: హొరేస్ రెండో ఎపోడ్ మీద సంవాదం

గ్రామజీవితాన్ని ఆదర్శంగా చూపే కవిత్వం పాశ్చాత్య సాహిత్యంలో నగరం కోసం పుట్టింది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో సిసిలీకి చెందిన థియోక్రిటస్ గొర్రెల కాపర్ల పాటలు రాశాడు. వాటిని విని ఆనందించినవాళ్లలో అలెగ్జాండ్రియా రాజాస్థానపు చదువరులు ఉన్నారు. రోమ్‌లో ఆ దారిని వర్జిల్ పట్టుకున్నాడు. అతని మిత్రుడు హొరేస్ క్రీ.పూ. 30 ప్రాంతంలో వెలువరించిన ‘ఎపోడ్‌లు’ అనే చిన్న సంపుటిలో రెండో పద్యం పల్లెను పొగిడే ఎన్నో కవితలకు ఒరవడిగా నిలిచింది.

ఆ పద్యంలో 70 పాదాలున్నాయి. వ్యవహారాల గొడవ లేకుండా, తాతతండ్రుల పొలాన్ని సొంత ఎడ్లతో దున్నుకునేవాడు ధన్యుడంటూ మొదలవుతుంది. అతనికి యుద్ధభేరి లేదు, సముద్రభయం లేదు, పెద్దల గుమ్మాల దగ్గర పడిగాపులు లేవు. ద్రాక్షతీగను చెట్టుకు అల్లిస్తాడు, తేనె పిండుతాడు, గొర్రెల ఉన్ని కత్తిరిస్తాడు, పండ్లు కోసి దేవతలకు పెడతాడు, చెట్టు నీడన నిద్రపోతాడు. చలికాలంలో వేటకు వెళతాడు. ఇంట్లో ఇల్లాలు పొయ్యి రాజేసి, పాలు పితికి, ఇంట పండినవాటితోనే వంట చేసి పెడుతుంది. 66 పాదాల దాకా ఇదే ప్రశాంతి. 67వ పాదంలో, ఇంతసేపూ మాట్లాడింది ఆల్ఫియస్ అనే వడ్డీ వ్యాపారి అని కవి చెబుతాడు. రేపో మాపో రైతు కాబోతున్న ఆల్ఫియస్ నెల నడిమికల్లా బాకీలన్నీ వసూలు చేసుకున్నాడు. మరుసటి నెల ఒకటో తేదీకి ఆ డబ్బును మళ్లీ వడ్డీకి తిప్పే పనిలో ఉన్నాడు. పద్యం అక్కడితో అయిపోతుంది.

ఈ పద్యం మీద రెండు వాదాలున్నాయి. పల్లె మీద ప్రేమే పద్యానికి ప్రాణమని, చివరి నాలుగు పాదాలు ఒక చమత్కారం మాత్రమేనని ఒక వాదం. మొదటి పాదం నుంచీ వ్యంగ్యం నడుస్తూనే ఉందని, చివరి పాదాలు దాన్ని బయటపెడతాయని రెండోది. మొదటి పక్షాన రసికుడు, రెండో పక్షాన పరీక్షకుడు మాట్లాడితే వాదం ఇలా సాగుతుంది.

రసికుడు: లెక్క చూడండి. 66 పాదాలు ఒక ఎత్తు, నాలుగు పాదాలు ఒక ఎత్తు. కవి అంత శ్రద్ధగా కట్టిన బొమ్మను చివర ఒక్క దెబ్బతో కూల్చాడంటే నమ్మడం కష్టం. మాట్లాడినవాడు వడ్డీ వ్యాపారి అయితే మాత్రం ఏమైంది? దొంగ చెప్పినా నీడ చల్లనిదే. ఇంగ్లీషులో అలెగ్జాండర్ పోప్ చిన్నతనంలో రాసిన ఏకాంతగీతం ఈ పద్యం ప్రారంభాన్ని ఆధారం చేసుకున్నదే. అందులో వడ్డీ వ్యాపారి ఊసే లేదు. యూరప్‌లో దీన్ని అనుకరించిన చాలామంది పొగడ్తనే తీసుకున్నారు. ఇన్ని తరాల పాఠకుల అనుభవాన్ని పొరపాటని కొట్టేయగలమా?

పరీక్షకుడు: కొట్టేయనక్కర్లేదండీ. వాళ్లు తమకు కావలసింది తీసుకుని తమ పద్యం రాసుకున్నారు. హొరేస్ పద్యం మాత్రం 70 పాదాలుగానే ఉంది. ఆల్ఫియస్ కూడా ఎవరో ఊహాపురుషుడు కాడు. ఆ తరవాతి శతాబ్దంలో వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాసిన కొలుమెల్లా అతని పేరెత్తి మరీ ఒక మాట గుర్తుచేస్తాడు. ఎంత మంచి అప్పైనా అడగకుండా వదిలేస్తే మొండిబాకీ అవుతుందని ఆల్ఫియస్ అనేవాడట. అంటే పేరు వినగానే రోమన్ పాఠకుడికి వసూళ్లలో ఆరితేరిన మనిషి కళ్ల ముందు కనిపిస్తాడు. తేదీలూ అంతే. రోమన్ పంచాంగంలో నెల మొదటి రోజు కలెండ్స్, నెల నడుమ వచ్చే 13 గాని 15 గాని ఐడ్స్. అప్పులూ వడ్డీలూ చెల్లించే గడువులు ఈ రోజుల్లోనే పడేవి. పల్లెకు పోవాలన్న తీర్మానం ఒక ఐడ్స్ నుంచి వచ్చే కలెండ్స్ దాకా కూడా నిలవలేదు.

రసికుడు: మీరు చెప్పింది చివరి మలుపు గురించి. మలుపు ఉందని నేనూ ఒప్పుకుంటాను. కాని చివర్లో వచ్చే ఆశ్చర్యం వేరు, అడుగున పారే వ్యంగ్యం వేరు. వ్యంగ్యం అడుగున ఉందంటే ఆ 66 పాదాల్లోనే చూపించాలి. చివరి నాలుగూ చేత్తో మూసేసి చూపించగలరా?

ఇది న్యాయమైన షరతు. చివర తెలిసిన విషయాన్ని వెనక్కి తీసుకెళ్లి ప్రతి పాదంలోనూ వెతికితే ఏదైనా దొరుకుతుంది. వ్యంగ్యం నిజంగా ఉంటే, ఫలితం తెలియకముందే జాగ్రత్తగల పాఠకుడిని ఆపే చోట్లు పద్యంలో ఉండి తీరాలి. పరీక్షకుడు ఈ షరతుకు ఒప్పుకుని మొదట పనిని, తరవాత భోజనాన్ని, ఆ తరవాత ఇంటిని పరిశీలనకు తీసుకుంటాడు.

పరీక్షకుడు: మూడో పాదంలో అతను సొంత ఎడ్లతో పొలం దున్నుతాడు. ఆ తరవాత నాగలి మళ్లీ కనిపించేది సాయంత్రమే, అలసిన ఎడ్లు దాన్ని తిరగేసి ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చేటప్పుడు. ఈ రెండిటి నడుమ ఏడాది పొడుగునా అతను చేసిన పనులు లెక్కపెట్టండి. తీగను అల్లించాడు, కొమ్మ నరికి అంటు కట్టాడు, పశువుల్ని దూరం నుంచి చూశాడు, తేనె పిండాడు, ఉన్ని కత్తిరించాడు, పండు కోశాడు. అన్నీ చేతికి హాయినిచ్చే పనులే. విత్తనం ఎక్కడ? కలుపు ఎక్కడ? కోత, కట్టలు, కళ్లం, నూర్పిడి ఎక్కడ? రోమన్ రైతు బతికేది గోధుమ మీద. ఈ పద్యంలో గోధుమ కోతే లేదు. శరదృతువు పండ్లతో వస్తుంది, చలికాలం వేటతో వస్తుంది. వాటి మధ్య మనిషి నడుం విరిచే వేసవి మాత్రం లేదు. ఇంటి దగ్గర భార్య మాత్రం అలసి వచ్చే భర్త కోసం పొయ్యి రాజేస్తుంది. చెట్టు కింద పడుకున్నవాడికి ఆ అలసట ఎక్కడిది?

రసికుడు: పాట పంచాంగం కాదండీ. కవి ఏరుకుంటాడు. వెన్నెల గురించి రాసినవాడు దోమల గురించి రాయలేదని తప్పుపడతామా? పని గురించి రాయకపోవడం అతని స్వేచ్ఛ.

పరీక్షకుడు: మీరన్నది నిజం. ఒక్క లోపం చూపించి వ్యంగ్యం అనకూడదు. అందుకే భోజనం దగ్గరికి వస్తున్నాను. అక్కడ లేనిదానికంటే ఉన్నది ఎక్కువ చెబుతుంది. ఇల్లాలు కొనకుండా వండిన భోజనం పెట్టింది. దాని రుచి చెప్పాలంటే అతను మొదట చెప్పేది ఏమిటి? తనకు అక్కర్లేని వంటకాల జాబితా. లుక్రైన్ సరస్సు ఆల్చిప్పలు, టర్బట్ చేప, ఆఫ్రికా కోడి, ఆయోనియా పిట్ట. స్కార్ చేప సంగతి మరీ వివరం. తూర్పు సముద్రంలో చలికాలపు తుఫాను లేస్తే ఆ చేప ఇటలీ వైపు కొట్టుకొస్తుందని అతనికి తెలుసు. ఏ చేప ఎప్పుడు దిగుతుందో పల్లె రైతుకు తెలుస్తుందా? అది రోమ్‌లో విందులకు వెళ్లేవాడి జ్ఞానం. వీటికి బదులుగా తనకు చాలునన్న వాటిలో ఒక ఆకుకూర ఉంది. దానికి అతను ఇచ్చిన యోగ్యతాపత్రం, బరువెక్కిన ఒంటికి అది మంచిదని. ఆకలేసినవాడు ఆకుకూరను అలా తలచుకోడు. తిని తిని కడుపు బరువెక్కినవాడు తలచుకుంటాడు. పైగా కొనని భోజనం అన్నమాటే చూడండి. ఇంట్లో పండింది తినే రైతుకు అది ప్రతిరోజూ జరిగేదే, దాని గురించి గొప్పగా చెప్పుకోడు. ప్రతి ముద్దకూ ధర కట్టి బతికినవాడికే అది గొప్ప.

ఇక్కడ రసికుడు కొంత తగ్గుతాడు. మాట్లాడే మనిషి పట్నవాసి అని అతను ఒప్పుకుంటాడు. అయితే పట్నవాసి పల్లెను కోరుకోవడం తప్పు కాదని, ఆ కోరికలో నిజాయితీ ఉండవచ్చని అంటాడు. ఈ అభ్యంతరం బలమైనది. మాట్లాడేవాడు బయటివాడని తేలినంతలో పద్యం వ్యంగ్యమైపోదు. బయటివాడి కళ్లకు పడనిది ఒకటి పద్యంలోనే ఉండి, పాఠకుడి కళ్లకు పడితేనే వ్యంగ్యం నిలబడుతుంది. పరీక్షకుడి మూడో ఆధారం అదే.

పరీక్షకుడు: ఈ రైతు ఎప్పుడు మాంసం తింటాడు? రెండు సందర్భాలు చెప్పాడు. పొలం గట్ల దేవుడికి ఫిబ్రవరిలో చేసే టెర్మినాలియా పండగలో కోసిన గొర్రెపిల్ల ఒకటి. తోడేలు నోట్లోంచి విడిపించుకున్న మేకపిల్ల రెండోది. ఇది నిజమైన చిన్న రైతు ఇల్లు. పండగ వస్తేనో, తోడేలు కరిచిన పిల్ల ఎలాగూ బతకదనుకుంటేనో తప్ప మందలో ఒక్కదాన్నీ కోయలేని ఇల్లు. ఇప్పుడు నాలుగడుగులు ముందుకు రండి. 65వ పాదంలో మెరిసే గృహదేవతల విగ్రహాల చుట్టూ ఇంటి బానిసలు కూర్చుని ఉన్నారు. వాళ్లు ఆ ఇంట్లోనే పుట్టిపెరిగినవాళ్లు, సంపన్న గృహానికి గుర్తుగా తేనెటీగల్లా మూగినవాళ్లు. రెండు తరాల బానిసలున్న ఇంట్లో తోడేలు కరిచిన మేక కోసం ఎదురు చూడటమేమిటి? ఇవి రెండు వేరు వేరు ఇళ్లండీ. పేద రైతు సుఖనిద్రా కావాలి, పెద్ద భూస్వామి పరివారమూ కావాలి. ఆల్ఫియస్ రెండిటినీ కలిపి ఒక పొలంగా చెప్పాడు. అలాంటి పొలం ఇటలీలో ఎక్కడా ఉండదు. ఇంతసేపూ కనపడని గోధుమను కోసింది ఎవరో, తిరగేసిన నాగలి పట్టింది ఎవరో కూడా ఆ 65వ పాదంలో తెలుస్తుంది. వాళ్లు పద్యంలో కనిపించేది పని అయ్యాక, దీపాల వేళ, వస్తువుల్లా లెక్కకు వచ్చినప్పుడే. చివరి నాలుగు పాదాలూ మీరు మూసే ఉంచారు కదా. ఈ ఆధారం వాటికి ముందే ఉంది.

రసికుడు: ఆ రెండు ఇళ్ల సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటాను. నాలుగో పాదంలో అతను అప్పుల గోల లేనివాడని పొగిడినప్పుడు మామూలు మాటే అనుకున్నాను. సైన్యం, సముద్రం, కోర్టు వీటన్నిటికంటే ముందు వడ్డీ గుర్తొచ్చింది అతనికి. సరే. కాని మీ పద్ధతి మీద నాకింకో భయం ఉంది. ఇలా చదవడం అలవాటైతే పల్లె గురించి చల్లగా రాసిన ప్రతి కవినీ అనుమానిస్తాం. ఎంకి పాటలు రాసిన నండూరి సుబ్బారావు గారు ఏలూరులో వకీలు. రోజూ కోర్టుకు వెళ్లే మనిషి పల్లె జంట గురించి పాడాడు కనుక ఎంకిలోనూ వ్యంగ్యం వెతుకుదామా?

పరీక్షకుడు: వెతకకూడదు. కవి వృత్తి పద్యానికి బయటి సంగతి. ఎంకి పాటల్లో నాయుడుబావ తన ఎంకిని గురించి తానే పాడతాడు. అతని మాటకూ అతని బతుక్కూ మధ్య కవి ఎక్కడా చీలిక పెట్టలేదు. చీలిక లేనిచోట చల్లదనాన్ని చల్లదనంగానే తీసుకోవాలి. అలాంటి చోట వ్యంగ్యం ఉందనేవాడు తప్పు చదువుతున్నట్టే. హొరేస్ మాత్రం ఆ చీలిక పెట్టడానికి ఒక పాత పద్ధతిని ఎంచుకున్నాడు. ఈ పద్యాలకు అతనికి మార్గదర్శి గ్రీకు కవి ఆర్కిలోకస్. ఎత్తిపొడుపు పద్యాలకు పేరుపడ్డవాడు. గైజీస్ రాజు సంపద నాకక్కర్లేదని చెప్పే అతని పద్యం నిజానికి ఖారోన్ అనే వడ్రంగి నోట పెట్టిన మాట అని అరిస్టాటిల్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో చెప్పాడు. అంటే మాట ఒకరిది, నోరు ఒకరిది అన్న ఎత్తుగడ ఈ జాతి పద్యాల్లో ముందునుంచీ ఉంది. ఎపోడ్‌ల పుస్తకం తెరిచిన రోమన్ పాఠకుడు పొగడ్త వినగానే, ఇది ఎవరి నోట వస్తోందని అడగడానికి సిద్ధంగానే ఉంటాడు.

ఎవరు, ఎవరితో, ఎందుకు చెబుతున్నారన్న ఈ ప్రశ్న భారతీయ అలంకారికులకూ చాలా పాతది. శాతవాహన రాజు హాలుడి పేర వెలసిన గాథాసప్తశతిలో గోదావరి తీరపు గాథ ఒకటి దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పూలకోసం తిరిగే ఒక ధార్మికుడితో ఒక స్త్రీ మాట్లాడుతుంది. ఇక భయం లేకుండా తిరగమంటుంది. అతన్ని హడలగొట్టే కుక్కను గోదావరి ఒడ్డు పొదలో ఉండే సింహం చంపేసిందని కారణం చెబుతుంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర అలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీన్ని ఎత్తుకుని, మాటకు అర్థం రమ్మనడం, ధ్వనికి అర్థం రావద్దనడం అని చూపించాడు. ఆ పొద ఆమె ప్రియుణ్ని కలుసుకునే చోటు. కుక్కకు జడిసినవాడు సింహం ఉన్నచోటికి వస్తాడా? మరో అలంకారికుడు మహిమభట్టు ఇందులో ధ్వని అక్కర్లేదని, అనుమాన ప్రమాణంతోనే ఆ అర్థం తేలుతుందని వాదించాడు. ఏ పేరుతో పిలిచినా ఇద్దరూ నమ్ముకున్నది పద్యంలోనే ఉన్న సింహాన్ని. హొరేస్ పద్యంలో మేకపిల్ల, బానిసలు చేసే పని అదే.

రసికుడు: ఇక చివరి మాట. హొరేస్ స్వయంగా పల్లెను ప్రేమించాడు కదా. అతని పోషకుడు మెసీనస్ అతనికి సబైన్ కొండల్లో ఒక పొలం ఇచ్చాడు. దాని గురించి తన సొంత గొంతుతో ఎంత తృప్తిగా రాశాడో అందరికీ తెలుసు. పట్నపు ఎలుక, పల్లె ఎలుక కథ చెప్పింది కూడా ఆ పొలం గురించిన పద్యంలోనే. పల్లెను అంత ప్రేమించినవాడు ఇక్కడ పల్లెనే ఎగతాళి చేశాడంటారా?

పరీక్షకుడు: పల్లెను ఎగతాళి చేశాడని నేను అనలేదు. ఆల్ఫియస్‌ను చూపించాడు అంటున్నాను. మీరు చెప్పిన పొలమే నాకు పెద్ద సాక్షి. ఆ పొలం చూసే తన గుమస్తాకు హొరేస్ ఒక పద్యలేఖ రాశాడు. ఆ గుమస్తాకు పల్లె విసుగు, పట్నం కావాలి. అతని పనులేమిటో హొరేస్ ఒక్కొక్కటే చెబుతాడు. చాలాకాలం గునపం తగలని నేలను తవ్వాలి, కాడి విప్పాక కూడా ఎడ్లకు మేత చూడాలి, వాన పడితే వాగు పచ్చికబయలు మీదికి పొర్లకుండా గట్టు వేయాలి. మరోచోట తన బానిసను బెదిరిస్తూ, పొలంలో తొమ్మిదో కూలివాడిగా పంపేస్తానంటాడు. అంటే అప్పటికే అక్కడ ఎనిమిది మంది ఉన్నారు. పొలం మీద ఎవరు ఏ పని చేస్తారో హొరేస్‌కు గట్టు వరకూ తెలుసు. అంత తెలిసినవాడు ఆల్ఫియస్ నోట గట్టు పని, తవ్వకం, కోత ఒక్కటీ పలికించలేదంటే అది మరచిపోవడం ఎలా అవుతుంది?

రసికుడు ఈ సాక్ష్యాన్ని అంగీకరిస్తాడు. ఆ కాలపు ఇటలీ పరిస్థితి కూడా దీనికే బలం. క్రీ.పూ. 42లో ఫిలిపై యుద్ధం గెలిచిన పక్షం తన సైనికులకు ఇవ్వడానికి ఇటలీలో 18 పట్టణాల భూములను ఆ యుద్ధానికి ముందే ఎంచుకుందని చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. వర్జిల్ మొదటి పశుపాలక గీతంలో ఒక కాపరి చెట్టు నీడన వేణువు ఊదుకుంటుంటే, పక్కనే మరొకడు పొలం పోగొట్టుకుని మేకల్ని తోలుకుంటూ ఊరు విడిచి పోతాడు. ఓడిన పక్షాన పోరాడిన హొరేస్ కూడా తండ్రి ఇంటినీ పొలాన్నీ పోగొట్టుకున్నాడు. బతుకుతెరువుకు ప్రభుత్వ ఖజానాలో లేఖకుడి ఉద్యోగం చేశాడు. తాతల నాటి పొలం అన్నమాటను ఆల్ఫియస్ తేలిగ్గా అనగలిగాడు. ఆ మాట రాస్తున్న కవికి అలాంటి పొలం అప్పటికి లేదు.

ఇద్దరి మధ్యా తేలకుండా మిగిలింది ఒక్కటే. ఆల్ఫియస్‌ది కపటమా, బలహీనతా? రసికుడి దృష్టిలో అతను చెప్పినంతసేపూ మనస్ఫూర్తిగానే చెప్పాడు, డబ్బు చేతికి రాగానే పాత అలవాటు గెలిచింది. పరీక్షకుడి దృష్టిలో అతను కోరుకున్నది పల్లెను కాదు, మరొక రకం ఆస్తిని. పద్యం రెండు తీర్పులకూ చోటిస్తుంది, ఎందుకంటే ఆల్ఫియస్ మనసులో ఏముందో కవి ఒక్క మాటా చెప్పలేదు, అతను డబ్బుతో ఏం చేశాడో మాత్రమే చెప్పాడు. ఈ పద్యాన్ని చేతికి తీసుకునే పాఠకుడు 66వ పాదం దగ్గర ఒకసారి ఆగి, ఇల్లు ఎవరిదో, పని ఎవరు చేశారో తనంతట తాను తేల్చుకుని, ఆ తరవాతే మిగిలిన నాలుగు పాదాలూ చదవాలి.